గిన్నెడు పెసరపప్పు కిచిడీలో ఎన్ని కెలోరీలు? నెయ్యి ఎన్ని చెంచాలు?

మేడమ్, మా మామయ్యగారికి 63 ఏళ్లు. న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, ఇంటికొచ్చి మూడు వారాలైంది. అంతకుముందు 58 కిలోలుండేవారు, ఇప్పుడు 53. బీపీ మాత్ర తప్ప ఇంకేం లేదు, షుగర్ కూడా లేదు. డాక్టరుగారు మామూలు తిండే, కాస్త బలంగా పెట్టమన్నారు. ఆయనకు సహిస్తున్నది పెసరపప్పు కిచిడీ ఒక్కటే. అరగ్లాసు బియ్యం, పావుగ్లాసు పప్పు, మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి ఆరు విజిల్స్ రానిస్తాను. ఒక చెంచా నెయ్యితో జీలకర్ర తాలింపు పెట్టి, గొంతులో తేలిగ్గా జారాలని చివర్లో ఇంకో గ్లాసు వేడినీళ్లు కలుపుతాను. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి తలా ఒక చిన్న గిన్నె తింటారు. మిగిలింది అత్తయ్యగారూ నేనూ తింటాం. పొద్దున రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు. అయినా మొన్న తూకం చూస్తే ఇంకో అరకిలో తగ్గారు.

అత్తయ్యగారు "నెయ్యి గరిటెతో పొయ్యాలి, నువ్వు చెంచాతో చిలకరిస్తున్నావు" అంటారు. మొన్న మధ్యాహ్నం ఆవిడే మూడు పెద్ద చెంచాలు వేసి కలిపి పెట్టారు. ఆ సాయంత్రం, రాత్రి ఆయన ఏమీ ముట్టలేదు. మర్నాడు పొద్దున ఒక్క ఇడ్లీ తిని చాలన్నారు. మా వారేమో "ఈ వయసులో గుండెకి పడదు, నెయ్యి అసలే వద్దు" అంటారు. ఫోన్‌లో చూస్తే గిన్నె కిచిడీకి ఒకచోట 180 కెలోరీలు, ఇంకోచోట 350. దేన్ని నమ్మాలి? నెయ్యి ఎంత వెయ్యాలి? ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.
ఒక కోడలు

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట నెయ్యి గురించి కాదు. చివర్లో కలిపే ఆ గ్లాసు వేడినీళ్ల గురించి.

ఫోన్‌లో కనిపించిన రెండు అంకెలూ అబద్ధాలు కావు. ఆ కిచిడీలు వేరు, ఆ గిన్నెలు వేరు, అంతే. నీళ్లకు కెలోరీలు లేవు. కుక్కర్‌లో పడ్డ బియ్యం, పప్పు, నెయ్యి ఎంతో బలమూ అంతే. నీళ్లు పోసేకొద్దీ ఆ బలం ఎక్కువ గిన్నెల్లోకి పరుచుకుంటుంది. అందుకని మీ కిచిడీ లెక్క మీ కుక్కర్‌లోనే తేలాలి.

మీ గ్లాసు 200 మిల్లీలీటర్లు పట్టేదనుకుంటాను. అరగ్లాసు బియ్యం సుమారు 85 గ్రాములు, పావుగ్లాసు పెసరపప్పు 42 గ్రాముల దాకా తూగుతాయి. బియ్యమైనా పప్పైనా పచ్చివి వంద గ్రాములకు 350 కెలోరీలకు కాస్త అటూఇటూగా ఇస్తాయి. రెండూ కలిపి మీ కుక్కర్‌లో 440 కెలోరీలు పడుతున్నాయి, తాలింపు నెయ్యితో 480. నీళ్లు మొత్తం నాలుగున్నర గ్లాసులు. ఆవిరిగా పోయింది పోగా తొమ్మిది వందల గ్రాముల పైన కిచిడీ దిగుతుంది. చిన్న గిన్నె అంటే 180 గ్రాములు అనుకుంటే ఐదు గిన్నెలు. 480ని ఐదుతో భాగించండి. మామయ్యగారి గిన్నెలో ఉన్నవి 95 కెలోరీలు.

మీరు 180కీ 350కీ మధ్య ఏది నిజమా అని చూస్తున్నారు. ఆయనకు అందుతున్నది ఆ చిన్న అంకెలో సగం. మూడు గిన్నెలకు 285. పొద్దుటి ఇడ్లీలు, పాలు, పండు కలిపితే మరో 320. రోజంతటికీ ఆరు వందల పైచిలుకు. జబ్బు నుంచి లేస్తున్న 53 కిలోల మనిషికి కిలోకు 30 చొప్పున పదహారు వందల దాకా కావాలి. మొన్నటి తూకంలో ఆ అరకిలో ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమైంది కదా. మీ వంటలో లోపం లేదు. జబ్బు మనిషికి పలచగా ఉంటేనే మంచిదని ఇళ్లలో అందరం అనుకుంటాం. జ్వరం తీవ్రంగా ఉన్న నాలుగు రోజులకు అది సరే. ఇంటికొచ్చి మూడు వారాలయ్యాక కూడా జావే పెడుతుంటే, కడుపు నీళ్లతో నిండి ఆకలి తీరినట్టు ఉంటుంది, ఒళ్లు మాత్రం కరుగుతూ ఉంటుంది.

వేరే గిన్నెకైనా, వేరే కొలతకైనా ఇదే పద్ధతి. వండినదంతా ఒకసారి ఆయన తినే గిన్నెతోనే కొలిచి, ఎన్ని గిన్నెలు వచ్చిందో లెక్కపెట్టండి. పచ్చి దినుసుల మొత్తం కెలోరీలను ఆ సంఖ్యతో భాగించండి. తూకం యంత్రం అక్కర్లేదు.

ఇక నెయ్యి జోలికి వెళ్లకముందు నీళ్లు తగ్గించి చూడండి. అవే బియ్యం పప్పులకు రెండున్నర గ్లాసుల నీళ్లు చాలు. పప్పునూ బియ్యాన్నీ అరగంట నానబెట్టండి, అవే ఆరు విజిల్స్ రానివ్వండి, ఆవిరి దానంతట అది పోయాక మూత తీసి గరిటె వెనకవైపుతో మెదపండి. మెతుకు వేలితో నొక్కితే వెన్నలా అణగాలి. ఆయన గొంతుకు కావలసింది మెత్తదనం, నీళ్లు కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా ఇళ్లలో కిచిడీ జావైపోతుంది. ఇలా వండితే గరిటజారుకు కొంచెం గట్టిగా, మూడు గిన్నెల పైన కాస్త వస్తుంది. అప్పుడు నెయ్యి చుక్క లేకుండానే గిన్నెకు 140 కెలోరీలు. చూశారా, ఒక్క నీళ్లు తగ్గించడంతో వచ్చిన లాభం ఒక చెంచా నెయ్యిని మించిపోయింది.

ఇంకో చిన్న సంగతి. కిచిడీ ఊరికే ఉంటే గట్టిపడుతుంది. మధ్యాహ్నం వండింది సాయంత్రానికి ముద్దవుతుంది, వేడిచేసేటప్పుడు మళ్లీ నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు కూడా గిన్నెలో చోటు తినేవే. అందుకని ఆ పూటకు పలచన చేయవలసి వస్తే నీళ్లకు బదులు కాచిన పాలు నాలుగు చెంచాలు కలపండి. పాలు వద్దనుకుంటే, వడ్డించే ముందు గిన్నెలో కమ్మటి పెరుగు కలపండి. మిగిలిన కిచిడీని పొయ్యి పక్కన వదిలేయకుండా చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి. నీరసపడ్డ మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఈ లెక్కలన్నీ మొదటికొస్తాయి.

ఇప్పుడు నెయ్యి. కరిగిన నెయ్యి 5 మిల్లీలీటర్ల చెంచాకు నాలుగున్నర గ్రాములు తూగుతుంది, 40 కెలోరీలు ఇస్తుంది. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాకు 120. గొడవంతా "చెంచా" అన్న మాటలో ఉంది. మీ చెంచా, అత్తగారి చెంచా ఒకటి కావు. పేరుకున్న నెయ్యిని గోపురంలా తీస్తే చిన్న చెంచా కూడా రెండు చెంచాలంత మోస్తుంది. ఇంట్లో దగ్గు మందు సీసాతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, పక్కన 5 అని గీత ఉంటుంది. దాన్ని శుభ్రంగా కడిగి, నెయ్యి కరిగించి, ఆ గీత దాకా పోసి, ఆ నెయ్యిని మీ చెంచాలోకి వంచి చూడండి. ఇకమీద ఇంట్లో "చెంచా" అంటే అదే.

అత్తగారు వేసిన మూడు పెద్ద చెంచాలంటే 360 కెలోరీలు. ఆవిడ ప్రేమను నేను తప్పుపట్టను, కానీ లెక్క చూద్దాం. ఆయన వదిలేసిన రెండు గిన్నెలు, మర్నాడు తినని ఇడ్లీ, పాలు, పండు కలిపితే నాలుగు వందల పైన పోయాయి. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. కుర్రాళ్లకు అది ఒక త్రేనుపుతో పోతుంది. పెద్దవాళ్లకు, అందులోనూ జబ్బుపడి లేచినవాళ్లకు, పూటంతా పొట్ట బరువుగా ఉండి ఆకలి చచ్చిపోతుంది. ఇచ్చిన దానికంటే పోగొట్టుకున్నదే ఎక్కువైంది. మా అమ్మ ఆపరేషన్ తర్వాత నేనూ ఇదే పని చేశాను. చదువుకున్నదాన్నయి ఉండి కూడా గిన్నెలో నెయ్యి తేలేలా పోశాను. రాత్రి ఎనిమిదింటికి కూడా "మధ్యాహ్నందే ఇంకా అరగలేదే" అంటుంటే తెలిసింది, నెయ్యి లెక్క ఆ గిన్నెలో చూడకూడదని, తర్వాతి పూటలో చూడాలని.

అందుకే కొలత ఇలా మొదలుపెట్టండి. తాలింపులో వేసేది అలాగే ఉంచుకోవచ్చు, కానీ అది ఇంటిల్లిపాదికీ పంచుకుపోతుంది, ఆయన లెక్కలోకి పెద్దగా రాదు. ఆయనకు ఇవ్వదలచుకున్నది ఆయన గిన్నెలోనే వెయ్యాలి. మొదటి మూడు రోజులు ఒక్కో గిన్నెకు ఒక చెంచా. కిచిడీ వేడిగా ఉన్నప్పుడే వేసి పూర్తిగా కలిసిపోయేలా కలపండి. పైన మెరుస్తూ తేలితే చూడగానే వెగటు పుడుతుంది. చల్లారాక వేస్తే అంగిలికి అంటుకుని ఇంకా కష్టం. ఇలా గిన్నె 180 కెలోరీలు అవుతుంది, అంటే ఇప్పటిదానికి దాదాపు రెట్టింపు.

మూడు రోజుల్లో మీరు గమనించవలసినవి రెండే. తిన్న మూడు నాలుగు గంటలకు తర్వాతి గిన్నె పెడితే మామూలుగా తింటున్నారా? విరేచనం ఎప్పటిలాగే ఉందా? రెండూ బాగుంటే మధ్యాహ్నం గిన్నెకు రెండు చెంచాలు చేయండి. ఇంకో మూడు రోజులు చూసి సాయంత్రానికీ రెండు. రాత్రికి మాత్రం ఒకటి దాటవద్దు, తిని పడుకుంటే పులితేన్పులూ గుండెల్లో మంటా వస్తాయి. రెండు చెంచాల గిన్నె అంటే 220 కెలోరీలు. ఇంత చిన్న గిన్నెకు అక్కడితో ఆగడమే నాకిష్టం. మూడో చెంచా పడితే గిన్నె బలంలో దాదాపు సగం నెయ్యిదే అవుతుంది, మీ అత్తగారి గిన్నె కథ మళ్లీ మొదలవుతుంది. ఎక్కడైనా తర్వాతి పూట తిండి తగ్గిందనిపిస్తే వెనక్కి ఒక చెంచా తగ్గండి, ఆపేయనక్కర్లేదు.

మీ వారి భయం సంగతి. ఆయన అన్నది పూర్తిగా కొట్టిపారేయలేం. నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే, చెంచాకు సుమారు మూడు గ్రాములు. రోజు మొత్తం తిండిలో ఆ కొవ్వు వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పదహారు వందల కెలోరీలు తినే మనిషికి అది పదిహేడు గ్రాములకు అటూఇటూ. రోజుకు ఐదు చెంచాల నెయ్యి అంటే దాదాపు ఆ హద్దును తాకినట్టే, పాలలో ఉండేది వేరే. గుండెజబ్బు లేని మనిషికి బరువు కోలుకునే ఆ నాలుగైదు వారాలకు నేను దీన్ని ఒప్పుకుంటాను. తర్వాత తగ్గించాలి. మీ వారు అప్పటికీ ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఉంది. బలం కోసమైతే నెయ్యే కానక్కర్లేదు, ఏ వంటనూనె అయినా చెంచాకు ఇంచుమించు అన్నే కెలోరీలు ఇస్తుంది. తాలింపు వేరుశనగ నూనెతో పెట్టి, గిన్నెలో ఒక చెంచా నెయ్యి వాసనకూ రుచికీ వేసి, రెండో చెంచా బదులు రెండు చెంచాల వేయించిన పల్లీల పొడి మెత్తగా కొట్టి కలపవచ్చు. దానికి కొంచెం మాంసకృత్తులూ తోడవుతాయి. మామయ్యగారికి ఆ రుచి నచ్చాలి మరి, అది మీకే తెలుస్తుంది.

మాంసకృత్తుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నెయ్యిలో అవి లేవు. మంచం పట్టిన రోజుల్లో ఆయన పోగొట్టుకున్న ఐదు కిలోల్లో కండ చాలానే ఉంటుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఆనించి లేస్తున్నారంటే అదే కారణం కావచ్చు. నెయ్యితో బరువు పెంచవచ్చు, కండకు మాత్రం పప్పు, పాలు, గుడ్డు కావాలి, రోజూ కాస్త నడక కావాలి. ఈ వయసులో జబ్బు నుంచి లేచేవారికి కిలో బరువుకు 1.2 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు ఉండాలి, అంటే ఆయనకు రోజుకు 60 గ్రాముల పైన. మీ పలచటి గిన్నెలో ఉన్నవి మూడు గ్రాములు. చిక్కగా వండితే ఐదు. బియ్యం, పప్పు సమానంగా, చెరి మూడు ఎనిమిదో వంతుల గ్లాసు చొప్పున వేస్తే ఆరు దాటుతుంది, కెలోరీలు మారవు. పెసరపప్పు మిగతా పప్పులకంటే తేలిక కాబట్టి చాలామందికి పడుతుంది. పొట్ట ఉబ్బరిస్తే మళ్లీ పాత పాళ్లకు వచ్చేయండి.

ఇంత చేసినా కిచిడీ ఒక్కటే ఆయన్ని నిలబెట్టలేదు. చిక్కటి గిన్నెలు మూడు, వాటిలో మొత్తం ఐదు చెంచాల నెయ్యి కలిపితే 620 కెలోరీలు, ఇప్పటి 285కి రెట్టింపు పైనే. మిగతాది మధ్యమధ్యలో రావాలి. గుడ్డు తినే ఇల్లైతే ఉడికించిన గుడ్లు రెండు, పదకొండు గంటలకు ఒకటి, రాత్రి కిచిడీలో నలిపి ఒకటి. తినని ఇల్లైతే చిన్న గిన్నె పెరుగు రెండుసార్లు. పొద్దుటి పాలకు తోడు పడుకోబోయే ముందు ఇంకో గ్లాసు. అన్నీ కలిపితే పన్నెండు, పదమూడు వందల దగ్గరికి వస్తాం. పదహారు వందలు మొదటి వారంలోనే అందాలని ఆయన వెంటపడకండి. రెండు వారాలు ఇలా తిన్న మనిషికి ఆకలి తనంతట తనే తిరిగొస్తుంది, గిన్నె పెద్దదవుతుంది. అప్పుడు మరో రెండు ఇడ్లీలు, కాస్త పప్పన్నం చేరతాయి, నెయ్యి తగ్గించుకోవచ్చు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆ మూతా, నెయ్యి గిన్నే ఆవిడ చేతికిచ్చి, "అత్తయ్యా, ఐదు గీత దాకా ముందు పూటకో మూత, పడితే మెల్లగా మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు, రాత్రి మాత్రం ఒకటే, మీరే వెయ్యండి" అనండి. నెయ్యి ఆవిడ చేత్తోనే పడుతుంది, లెక్కా తప్పదు. మీ వారికి వారంవారం తూకం చూసే పని అప్పగించండి. ఆదివారం పొద్దున, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, అదే యంత్రం మీద. మొదటి వారం తగ్గడం ఆగితే చాలు. ఆ తర్వాత వారానికి పావుకిలో నుంచి అరకిలో పెరుగుతుంటే దారి సరైనదే.

కొందరికి ఈ నెయ్యి లెక్క వర్తించదు. కామెర్లు తగ్గుతున్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, క్లోమం వాచి ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్క చెంచా కూడా పెంచకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు పాళ్లు పెంచే ముందు అడగాలి. పది రోజులపాటు దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లకు ఒక్కసారిగా బలమైన తిండి పెట్టడం ప్రమాదం, అది వైద్యుల కనుసన్నల్లో కొద్దికొద్దిగా జరగాలి. మామయ్యగారు మూడు వారాలుగా కొంతైనా తింటూనే ఉన్నారు కాబట్టి మెల్లగా పెంచడానికి ఇబ్బంది ఉండదు. అయినా ఫాలోఅప్‌కి వెళ్లినప్పుడు ఈ కొలతలన్నీ డాక్టరుగారికి ఒకసారి చెప్పండి.

నెయ్యి పెంచాక విరేచనం పాలిపోయి, జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, ఎన్ని నీళ్లు పోసినా పోకుండా ఉంటే కొవ్వు అరగడం లేదన్నమాట. తిన్న తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే పిత్తాశయం వైపు చూడాలి. ఈ రెండింటిలో ఏది కనిపించినా నెయ్యి ఆపి డాక్టరుకు చూపించండి. మళ్లీ జ్వరం వచ్చినా, కాళ్లు వాచినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, రెండు వారాలు ఇలా పెట్టాక కూడా తూకం దిగుతూనే ఉన్నా ఇంట్లో గిన్నెలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. పొలమారడం ఉంటే ముఖ్యంగా చెప్పండి, మీరు గ్లాసు నీళ్లు కలపడానికి అసలు కారణం అదేనేమో అని నాకు చిన్న అనుమానం.